12 శాతం అనేది అధూరా మాట

"సంవత్సరానికి 12 శాతం వడ్డీ" అని రాసి ఉన్న కాగితం బ్యాంకుదైనా, సొసైటీదైనా, బజార్లో సేఠ్‌దైనా అధూరా కాగితమే. అందులో ఝూట్ ఉందని కాదు. చెప్పాల్సిన మాటలో సగమే ఉంది. ఆ వడ్డీ ఎన్నాళ్లకోసారి వెళ్లి అసలులో కలుస్తుంది? నెలకోసారా, మూడు నెలలకోసారా, ఏడాదికోసారా? ఈ సవాల్‌కు జవాబ్ లేకుండా 12 అనే అంకెకు మతలబ్ లేదు. ఎందుకంటే అదే 12 శాతం ఒకచోట లక్షకు 12,000 తెస్తుంది, ఇంకోచోట 12,683 తెస్తుంది.

నా షికాయత్ ఆ 683 రూపాయల మీద కాదు. రెండు అంకెలు ఉన్నప్పుడు ఎవరికి ఏది చూపిస్తున్నారన్న దాని మీద. మన దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు పెద్ద అంకె ముందుకొస్తుంది. మనకు అప్పిచ్చేటప్పుడు చిన్న అంకె ముందుకొస్తుంది. కొనేటప్పుడు ఒక తూకంరాయి, అమ్మేటప్పుడు ఇంకో తూకంరాయి. కూరగాయల బండివాడు ఈ పని చేస్తే నలుగురినీ పోగేసి నిలదీస్తాం. ఏసీ గదిలో కూర్చున్నవాడు చేస్తే, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వస్తాం.

ఒక మాట ముందే సాఫ్‌గా చెప్పేస్తాను. ఇది సూద్ జాయెజా, నాజాయెజా అన్న బహస్ కాదు. ఆ మసలా మీద నాకంటే ఇల్మ్ ఉన్నవాళ్లు మాట్లాడతారు. నాది హిసాబ్ సంగతి. సూద్ ముట్టనివాళ్లకు ఈ హిసాబ్‌తో పని లేదనుకోవద్దు. ఇంటి లోన్ కిస్తీ కట్టేవాళ్లున్నారు. సేవింగ్స్ ఖాతాలో పడిన వడ్డీని పైసాతో సహా లెక్కగట్టి గరీబులకు ఇచ్చేసేవాళ్లున్నారు. "సూద్ కాదు భాయ్, నెలనెలా ఫిక్స్ మునాఫా" అంటే నమ్మి పెట్టినవాళ్లూ ఉన్నారు. నెలకు 1 శాతం అని ముందే ఖరారు చేశాక దాన్ని సూద్ అన్నా, మునాఫా అన్నా గుణకారం మారదు.

పేరుకో రేటు, చేతికో రేటు

ఈ రెండు అంకెలకు ఇంగ్లీషు లెక్కల పుస్తకాల్లో నామినల్ రేటు, ఎఫెక్టివ్ రేటు అని పేర్లు. ఉర్దూలో "బరాయె నామ్" అనే మాట ఉంది. పేరుకు మాత్రమే అని దాని అర్థం. నామినల్ అనే మాటకు ఇంతకంటే మంచి తర్జుమా నాకు దొరకలేదు. బరాయె నామ్ రేటు అంటే కాగితం మీద రాసుకునే రేటు. నెలకు 1 శాతం అయితే పన్నెండు నెలలకు 12 అని గుణించి రాసేస్తారు. వడ్డీ అసలులో కలిసిందా లేదా అన్న సంగతి అందులో ఉండదు. రెండోది ఏడాది నిండాక లెక్క తేలే రేటు. లక్ష నిజంగా ఎంతయింది, ఎంత పెరిగింది అన్నది చెప్పేది అదే. దాన్ని ఇక్కడ అసలీ రేటు అంటాను.

డబ్బు మాటల దగ్గర మన రెండు జుబాన్లకూ ఫరక్ తక్కువ. అసలు, బాకీ, జమ, ఖాతా, వసూలు, కిస్తీ, రసీదు, వాయిదా. ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీకి వచ్చినప్పుడు నేను ఈ మాటలు కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదు. ఒక్క మాట దగ్గర మాత్రం ఉర్దూ ఎక్కువ సాఫ్‌గా ఉంటుంది. తెలుగులో చక్రవడ్డీ అంటాం. చక్రం అనగానే దానంతట అదే గిరగిరా తిరిగే జాదూ ఏదో ఉందనిపిస్తుంది. ఉర్దూలో "సూద్ దర్ సూద్" అంటారు. సూద్ మీద సూద్, అంతే. జాదూ లేదు, చక్రం లేదు. నిన్నటి వడ్డీ ఇవాళ అసలై కూర్చుంది, దాని మీద మళ్లీ వడ్డీ పడింది.

అదెలా కూర్చుంటుందో ఒక డిపాజిట్ మీద చూద్దాం. అసలు 1,00,000 రూపాయలు. రేటు ఏడాదికి 12 శాతం. వడ్డీ నెలనెలా అసలులో కలుస్తుంది. అంటే నెలకు 1 శాతం.

మొదటి నెల లక్ష మీద 1,000 వడ్డీ. ఖాతాలో 1,01,000 అయింది. రెండో నెల వడ్డీ లక్ష మీద కాదు, 1,01,000 మీద. అంటే 1,010. ఖాతా 1,02,010 అయింది. మూడో నెల వడ్డీ 1,020 రూపాయల 10 పైసలు. ఇలా నడుస్తూ ఆరో నెల చివర 1,06,152 దగ్గరికి, తొమ్మిదో నెల చివర 1,09,369 దగ్గరికి వస్తుంది. పన్నెండో నెలలో ఒక్క నెల వడ్డీయే 1,115 రూపాయల 67 పైసలు. ఏడాది నిండేసరికి ఖాతాలో 1,12,682 రూపాయల 50 పైసలు.

పెరిగింది 12,682.50. లక్ష మీద అది 12.68 శాతం. ఇదే అసలీ రేటు. కాగితం మీది 12 ఏ రోజూ మారలేదు, దానికి ఎవరూ ఏదీ కలపలేదు. మరి 682 రూపాయల 50 పైసలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

మొదటి నెల వచ్చిన వెయ్యి ఆ తర్వాత పదకొండు నెలలు ఖాతాలోనే కూర్చుంది. నెలకు 10 చొప్పున 110 సంపాదించింది. రెండో నెల వెయ్యి పది నెలలు కూర్చుని 100 తెచ్చింది. మూడో నెలది 90. ఇలా దిగుతూ వచ్చి పదకొండో నెల వెయ్యి ఒక్క నెలే ఉండి 10 తెచ్చింది. పన్నెండో నెల వెయ్యికి టైమే లేదు. 110, 100, 90 నుంచి 10 దాకా అన్నీ కూడితే 660. మిగిలిన 22.50, ఆ వడ్డీ మీద పడిన వడ్డీ మళ్లీ తెచ్చుకున్న వడ్డీ. అంతా బయటపడింది. దాపరికం ఏమీ లేదు. ఈ లెక్కను ఐదో తరగతి పిల్లవాడు కూడా పలక మీద తేల్చగలడు.

పన్నెండు మెట్లూ ఎక్కే ఓపిక లేకపోతే ఒక్క లైన్ చాలు.

```
(1 + 0.12/12)^12 - 1 = 0.126825
```

లోపలి 12లు రెండూ ఒక ఏడాదిలో వడ్డీ ఎన్నిసార్లు అసలులో కలుస్తుందో చెబుతాయి. మూడు నెలలకోసారి అయితే ఆ రెండు చోట్లా 4 పెట్టాలి. కంప్యూటర్లో ఎక్సెల్ ఉంటే ఏదైనా ఖానాలో `=EFFECT(0.12,12)` అని కొట్టండి, ఇదే జవాబ్ వస్తుంది.

పదహారు శాతం ఎక్కణ్నుంచి దిగింది

ఇప్పుడు మన మొహల్లాల్లో తిరిగే ఒక కాగితం సంగతి. జుమా నమాజ్ అయ్యాక బయట పంచుతుంటారు. ఏ సొసైటీదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఈ తరహా కాగితాలు పెద్ద సంస్థల పేరుతోనూ చూశాను. పైన పెద్ద అక్షరాలతో "16.33 శాతం ఈల్డ్". కింద చిన్న అక్షరాలతో "12 శాతం, నెలవారీ చక్రవడ్డీ, ఐదేళ్లకు".

అంటే ఒకే డిపాజిట్‌కు మూడు అంకెలు. 12, 12.68, 16.33. మొదటిది బరాయె నామ్. రెండోది అసలీ. మూడోది ఏమిటి?

హిసాబ్ ఇలా చేశారు. నెలకు 1 శాతం చొప్పున అరవై నెలలకు లక్ష 1,81,670 అవుతుంది. ఇది నిజమే. అందులో వడ్డీ 81,670. దాన్ని ఐదుతో భాగిస్తే ఏడాదికి 16,334. లక్ష మీద 16.33 శాతం. భాగహారం సరిగ్గానే ఉంది. పని మాత్రం ఫరేబ్.

ఎందుకు ఫరేబో ఆ కాగితం పంచుతున్న అబ్బాయినే అడిగాను. "భాయ్, ఐదేళ్లకు 16 అయితే, అదే పదేళ్లు పెడితే ఎంత?"

అతను ఫోన్ తీసి నొక్కి, ఖుషీగా చెప్పాడు. "23 శాతం, భాయ్‌సాబ్!"

అతని లెక్క తప్పు కాదు. నూట ఇరవై నెలలకు లక్ష 3,30,039 అవుతుంది. వడ్డీని పదితో భాగిస్తే ఏడాదికి 23,004. కానీ అదే డిపాజిట్, అదే నెలకు 1 శాతం, ఎవరూ ఒక్క పైసా అదనంగా ఇవ్వలేదు. అయినా కాగితం మీద 16 కాస్తా 23 అయింది. ఎక్కువ రోజులు పెట్టిన కొద్దీ దానంతట అదే పెరిగే అంకె రేటు కాదు. రేటు అంటే ఒక ఏడాదికి ఎంత అన్నది. నిజంగా ఏడాదికి 16.33 శాతం పెరిగితే లక్ష ఐదేళ్లలో 2,13,000 దాటాలి. వాళ్లిచ్చేది 1,81,670. తేడా 31,000 పైచిలుకు. అదే అసలీ రేటు 12.6825తో ఐదు ఏళ్లు నడిపి చూడండి. సరిగ్గా 1,81,670 దగ్గర ఆగుతుంది. ఏ అంకె సచ్చో, ఏది సజావటో తేల్చడానికి ఇంతకంటే గవాహీ అక్కర్లేదు.

ఈ పరీక్ష ఏ కాగితం మీదైనా చేయొచ్చు. వాళ్లు చెప్పిన శాతాన్ని ఏడాదికోసారి అసలుకు కలుపుతూ, చెప్పినన్ని ఏళ్లు నడపండి. వాళ్లే రాసిన మెచ్యూరిటీ మొత్తం దగ్గరికి వస్తే అది అసలీ రేటు. దాన్ని దాటి పోతే, ఆ శాతం మీ కళ్లకు, ఆ మొత్తం మీ చేతికి.

ఇంకో తరహా మోసం నెలనెలా వడ్డీ చేతికి తీసుకునేవాళ్లతో జరుగుతుంది. భర్త పోయిన ఒక ఖాలా ఉంది అనుకోండి. లక్ష పెట్టి నెలనెలా 1,000 తీసుకుని బియ్యం, గ్యాస్ చూసుకుంటుంది. ఆమె వడ్డీ ఖాతాలో కూర్చోదు కాబట్టి దాని మీద వడ్డీ పుట్టదు. ఆమెకు ఏడాదికి వచ్చేది 12,000. ఇందులో ఆమెకు నష్టం లేదు, డబ్బు ముందే చేతికొచ్చింది, ఇంటికి పనికొచ్చింది. కానీ నెలవారీ చెల్లింపు స్కీము కాగితం మీద 12.68 అని అచ్చేసి ఆమె ముందు పెడితే అది ధోకా. 12.68 అనేది వడ్డీని కదపనివాళ్ల అంకె. ఆమెది కాదు.

రెండు రూపాయల వడ్డీ ఎంత?

బ్యాంకులు, సొసైటీలు ఇవాళ్టివి. మన ఊళ్లలో పాత వడ్డీ భాష వేరు. "రూపాయి వడ్డీ", "రెండు రూపాయల వడ్డీ" అంటారు. నూటికి, నెలకు అని దాని మతలబ్. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలు అంటే 24 శాతం. ఇదీ బరాయె నామ్ రేటే. ఒక విధంగా శాతం కంటే ఈమాన్‌దార్ రేటు, ఎందుకంటే నెల లెక్క అని నోటితోనే చెబుతుంది. కానీ ఇక్కడా సగం మాట మింగేస్తారు. వడ్డీ నెలనెలా కట్టాలా? కట్టకపోతే అసలులో కలుస్తుందా? ఎప్పుడు కలుస్తుంది?

రెండు రూపాయల వడ్డీ నెలనెలా అసలులో కలిస్తే ఏడాదికి 26.82 శాతం అవుతుంది. ఏడాదికోసారి లెక్క చూసి కలిపితే సరిగ్గా 24. ఇంకో దస్తూర్ కూడా ఉంది. ప్రామిసరీ నోటుకు కోర్టు గడువు మూడేళ్లు కాబట్టి, అది దగ్గర పడ్డాక వడ్డీ మొత్తం కలిపి నోటు తిరగరాస్తారు. లక్షకు మూడేళ్ల వడ్డీ 72,000 కలిపి 1,72,000కు కొత్త నోటు. ఆ మూడేళ్లలో సూద్ మీద సూద్ పడలేదు కాబట్టి అసలీ రేటు ఏడాదికి 19.81 శాతమే. కొత్త నోటు అంకె చూస్తే గుండె ఆగినట్టుంటుంది, కానీ రేటు మాత్రం తక్కువ.

ఒకే "రెండు రూపాయలు". ఒకచోట 19.81, ఒకచోట 24, ఒకచోట 26.82. మాట మారలేదు, మనిషి మారలేదు. వడ్డీ అసలులో దూకే రోజు మాత్రం మారింది. నోటు రాసేటప్పుడు రేటు ఎంతో అందరూ అడుగుతారు. ఆ దూకే రోజు ఎప్పుడో అడిగినవాళ్లు తక్కువ.

ఒకే కప్పు కింద రెండు క్యాలెండర్లు

ఇప్పుడు బ్యాంకుల దగ్గరికి వద్దాం. రిజర్వ్ బ్యాంకు హుకుం ప్రకారం 2002 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకులు లోన్ల మీద వడ్డీని నెలనెలా లెక్కగడుతున్నాయి. పంట రుణాలకు మినహాయింపు ఉంది, అవి పంట కాలాన్ని బట్టి నడుస్తాయి. మరి అవే బ్యాంకులు మన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీని మామూలుగా మూడు నెలలకోసారి అసలులో కలుపుతాయి. మన బాకీకి నెల క్యాలెండర్. మన జమకు మూడు నెలల క్యాలెండర్.

దీని ఫరక్ ఎంతో కూడా ఈమాన్‌దారీగా చెప్పాలి. 7 శాతం డిపాజిట్ మూడు నెలలకోసారి కలిస్తే లక్షకు ఏడాదికి 7,186. నెలకోసారి కలిస్తే 7,229. పోయింది 43 రూపాయలు. ఒక ఇంటికి ఇది పెద్ద నుక్సాన్ కాదు. కానీ అంకెలు పక్కపక్కన పెట్టేటప్పుడు చూడండి. డిపాజిట్ 7, లోన్ 9, కాబట్టి బ్యాంకు మధ్యలో 2 శాతం తీసుకుంటోందని కాగితం చెబుతుంది. అసలీ రేట్లు పెట్టండి. డిపాజిట్ 7.19, లోన్ 9.38. మధ్యలో ఉన్నది 2.19. రెండు అంకెలనూ ఒకే కొలతతో కొలవకుండా తేడా చెప్పడం అంటే, ఒకదాన్ని గజాల్లో, ఇంకోదాన్ని మీటర్లలో కొలిచి తీసివేత చేయడమే.

ఇక్కడ చదువుకున్నవాళ్లే ఒక మాట అంటారు. "నేను కిస్తీ టైముకు కడుతున్నాను. వడ్డీ ఏ నెలకానెల తీరిపోతోంది. సూద్ మీద సూద్ పడటం లేదు. నాకు 9 అంటే 9 కదా, 9.38 ఎందుకవుతుంది?"

మంచి సవాలే. 12 శాతం లెక్కలోనే జవాబ్ చూద్దాం, అంకెలు తేలికగా ఉంటాయి. మీరు లక్ష అప్పు తీసుకుని, నెలనెలా 1,000 వడ్డీ కట్టి, ఏడాది చివర లక్ష తిరిగిచ్చారు. మీ చేతి నుంచి పోయిన వడ్డీ 12,000. కానీ మొదటి వెయ్యి ఏడాది చివర పోలేదు, పదకొండు నెలల ముందే పోయింది. తీసుకున్నవాడు ఆ వెయ్యిని అదే రేటుకు ఇంకొకరికి అప్పిచ్చాడు. అది మీ దగ్గరే ఉంటే అదే పని మీరూ చేసేవాళ్లు. పైన డిపాజిట్ లెక్కలో చూసిన 110, 100, 90 ఇప్పుడు అతని ఖాతాలో పడుతున్నాయి. వడ్డీ మొత్తం ఏడాది చివర ఒక్కసారే కట్టే లోన్ పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఇది 12.68 శాతం లోనే. నెలనెలా 12 శాతం, ఏడాదికోసారి 12.68 శాతం, ఈ రెండు లోన్లూ సరిసమానం. ఏడాదికోసారి 12.25 శాతం అన్నవాడు, నెలనెలా 12 అన్నవాడి కంటే సస్తా.

జాదూ అమ్మేవాళ్లకు కూడా

అవతలి వైపు అతిశయాన్ని కూడా వదలకూడదు. "మాది రోజువారీ చక్రవడ్డీ" అని డప్పు కొట్టేవాళ్లున్నారు. ఆ డప్పు ఖరీదు ఎంతో చూడండి. లక్ష, 12 శాతం, ఒక ఏడాది. వడ్డీ ఏడాదికోసారి కలిస్తే 12,000. ఆరు నెలలకోసారి అయితే 12,360. మూడు నెలలకోసారి 12,551. నెలకోసారి 12,683. రోజూ కలిస్తే 12,747. గంటగంటకూ, క్షణక్షణానికీ కలిపినా 12,750 దాటదు. అక్కడ గోడ ఉంది.

ఏడాది నుంచి నెలకు వస్తే 683 దొరికింది. నెల నుంచి రోజుకు వస్తే దొరికేది 65 మాత్రమే. కాబట్టి రోజువారీ అన్న మాట విని బండి ఎక్కొద్దు. రేటులో చిన్న తేడా ఇలాంటి గొప్పలన్నింటినీ మింగేస్తుంది. నెలనెలా కలిసే 9 శాతం అసలీ రేటు 9.38. మూడు నెలలకోసారి కలిసే 9.1 శాతం అసలీ రేటు 9.42. రెండోదే మేలు.

రేటు తక్కువైనప్పుడు ఈ ఫరక్ కూడా పడిపోతుంది. నెలనెలా కలిసే 6 శాతం 6.17 అవుతుంది, 12 శాతం 12.68 అవుతుంది, 24 శాతం 26.82 అవుతుంది. రేటు రెండింతలైతే ఫరక్ దాదాపు నాలుగింతలు. అందుకే సేవింగ్స్ ఖాతా దగ్గర ఈ బహస్‌కు బలం తక్కువ, సేఠ్ నోటు దగ్గర దీనికి ప్రాణం ఉంది. గరీబు మనిషి అప్పు తీసుకునేది ఆ రెండో చోటే.

అసలీ రేటు కూడా అన్నీ చెప్పదు. ట్యాక్స్ కోత, గడువుకు ముందే తీస్తే పడే జరిమానా, లోన్ ఇచ్చేటప్పుడు ముందే పట్టుకునే ఫీజు, ఇవేవీ `EFFECT` లెక్కలో లేవు. అన్నిటికంటే ముఖ్యంగా, అసలు తిరిగొస్తుందా అన్నది అందులో లేదు. బ్యాంకులో, సహకార బ్యాంకులో పెట్టిన డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది. బ్యాంకు లైసెన్సు లేని సహకార సొసైటీకి ఆ బీమా లేదు. బ్యాంకులు ఇచ్చేదానికంటే చాలా పైన 12 శాతం ఇస్తామనే చోట, ఎందుకు ఇవ్వగలుగుతున్నారో అడగకుండా 12.68 లెక్కేసుకోవడం, కూలే గోడకు రంగు వేయించడమే.

ఒక్క లైన్ అచ్చేస్తే చాలు

బ్యాంకు దోస్తులతో ఈ మాట ఎత్తితే ఎప్పుడూ ఒకే జవాబ్. "కాంట్రాక్టులో ఉండేది నామినల్ రేటే. రెండో అంకె చూపిస్తే కస్టమర్లు పరేషాన్ అవుతారు." అలాగా? 16.33 ఈల్డ్ అచ్చేసేటప్పుడు మాత్రం కస్టమర్ పరేషాన్ కాడా? పెద్ద అంకె అయితే అతనికి అర్థమవుతుంది, సరైన అంకె అయితే అర్థం కాదా?

ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో కానూన్ కూడా రెండు కొలతలే పెట్టింది. డిపాజిట్‌కు చూపించే ఏపీవై అనే అంకెలో సూద్ దర్ సూద్ కలిసి ఉంటుంది. 1991 నాటి కానూన్ అది. క్రెడిట్ కార్డు లాంటి అప్పులకు 1968 కానూన్ కింద చూపించే ఏపీఆర్‌లో అది కలవదు, నెల రేటును పన్నెండుతో గుణించి రాస్తారు. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ అప్పుల మీద చూపించే ఏపీఆర్‌లో సూద్ దర్ సూద్ కలిసే ఉంటుంది, డిపాజిట్ల మీద చూపించే ఏఈఆర్‌లో కూడా. రెండు పక్కలా ఒకే తూకంరాయి. బ్రిటన్‌లో కస్టమర్లు పరేషాన్ అయి బ్యాంకులకు దూరమయ్యారని నేను వినలేదు.

మన దగ్గరా ఒక అడుగు పడింది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకు, ఫీజులన్నీ కలిపి ఏడాది రేటు ఎంతో చూపించే ఒక కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. లోన్ తీసుకునేవాళ్లు ఆ కాగితం అడిగి తీసుకోండి, అది మీ హక్. తీసుకున్నాక ఇంకో సవాల్ వేయండి. ఈ అంకెలో నెలనెలా లెక్క కలిసిందా, లేక నెల రేటును పన్నెండుతో గుణించారా? జవాబ్ చెప్పలేనివాడు ఆ అంకెను అమ్మే హక్ కూడా పోగొట్టుకున్నాడు.

నా ముతాలిబా చిన్నది. డిపాజిట్ కాగితమైనా, లోన్ కాగితమైనా, రేటు పక్కనే, అదే సైజు అక్షరాల్లో, రూపాయల్లో ఒక్క లైన్ ఉండాలి. డిపాజిట్ మీద: "లక్ష పెట్టి ముట్టుకోకపోతే సరిగ్గా ఏడాదికి 1,12,683." లోన్ మీద: "లక్ష తీసుకుని ఏడాదిపాటు ఏమీ కట్టకపోతే, జరిమానాలు కాకుండా, బాకీ 1,12,683." ఈల్డులు వద్దు, నక్షత్రం గుర్తులు వద్దు, కింద చీమల్లాంటి అక్షరాలు వద్దు.

వాళ్లు అచ్చేసేదాకా మనమే అడగాలి. శాతం అడగొద్దు. శాతం అడిగితే మూడు శాతాలు తీసి, మీకు నచ్చేది చేతిలో పెడతారు. "లక్షకు, పన్నెండు నెలలకు, మొత్తం ఎంత?" అని అడగండి. కౌంటర్ దగ్గర అడగండి, సేఠ్ గద్దె దగ్గర అడగండి, మస్జిద్ మెట్ల దగ్గర కాగితం ఇచ్చిన కుర్రవాణ్ని అడగండి. ఆ సవాల్‌కు ఒక్కటే అంకె జవాబ్ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.